ఏడాది ఇన్సూరెన్స్ ప్రీమియం ఒకేసారి కట్టినప్పుడు: ప్రీపెయిడ్ బ్యాలెన్స్, నెలవారీ ఖర్చు విడగొట్టే పద్ధతి

ఏడాది ప్రీమియం మొత్తం ఒకేసారి కట్టాం, ఇప్పుడు దాన్ని ఏ ఖాతాలో రాయాలి, నెలనెలా ఎంత ఖర్చు చూపాలి? వ్యాపార లెక్కలు రాసేవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. పన్నెండుతో భాగిస్తే సరిపోతుందని చాలామంది మొదలుపెడతారు. పాలసీ నెల మధ్యలో మొదలైతేనో, మధ్యలో మారితేనో, ఏడాది చివర బ్యాలెన్స్ ఎందుకు సరిపోలేదో తెలియక ఆగిపోతారు.

నేను చెప్పే పద్ధతికి ఆధారం ఒక్కటే. ప్రీపెయిడ్ ఖాతా అంటే ముందే కట్టేసి ఇంకా వాడుకోని ఖర్చును ఆస్తిగా ఉంచే ఖాతా. ఏ నెలాఖరున చూసినా అందులో ఉన్న మొత్తం, పాలసీలో ఇంకా మిగిలిన రోజుల విలువకు సమానంగా ఉండాలి. కింది అంచెలన్నీ దాని కోసమే.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి మొదలుపెట్టకండి. డబ్బు ఎప్పుడు పోయిందో అది చెబుతుంది కానీ, ఆ డబ్బు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా రక్షణ ఇస్తుందో చెప్పదు. మనకు కావాల్సింది ఆ రెండోదే.

- పాలసీ పత్రం: మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఉంటే సమయం కూడా
- ప్రీమియం బిల్లు లేదా రసీదు: ప్రీమియం, పన్ను, ఇతర రుసుములు విడివిడిగా
- చెల్లించిన తేదీ, మొత్తం
- పాలసీ నంబరు

బిల్లులోని పన్ను దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ పన్నును మీరు తర్వాత తిరిగి రాబట్టుకోగలిగితే అది ఇన్సూరెన్స్ ఖర్చు కాదు. దాన్ని పన్ను ఖాతాలో విడిగా రాసి, మిగిలినదాన్నే నెలలకు పంచాలి. రాబట్టుకోలేని పన్ను అయితే ప్రీమియంతోపాటు కలిపి పంచాలి. ఈ తేడా మొదట్లోనే తేల్చుకోకపోతే పన్నెండు నెలల అంకెలూ తప్పుతాయి.

ప్రీమియం చాలా చిన్నదైతే ఇంత పని అవసరం లేదు. ఫలానా మొత్తం కంటే తక్కువైతే నేరుగా ఖర్చులో రాస్తామని ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దును ఒకచోట రాసిపెట్టి, ఏటా అదే పాటించండి. లాభం ఎక్కువగా కనిపించిన ఏడాది ఒకలాగా, తక్కువగా కనిపించిన ఏడాది ఇంకోలాగా చేస్తే ఆ హద్దుకు విలువ ఉండదు.

## 2. రోజులు లెక్కపెట్టడం

ఇక్కడి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ వాడదాం.

- ప్రీమియం: 54,750 (రాబట్టుకోగల పన్ను తీసేశాక)
- చెల్లించిన తేదీ: 2025 జూన్ 9
- పాలసీ కాలం: 2025 జూన్ 16 నుంచి 2026 జూన్ 15 దాకా
- ఖాతాల సంవత్సరం ముగింపు: మార్చి 31

మొదటి రోజు, చివరి రోజు రెండూ కలిపితే 365 రోజులు. రోజుకు 54,750 ÷ 365 = 150.

పాలసీ పత్రంలో రెండు తేదీలూ ఒకేలా ఉండటం కూడా చూస్తుంటాం, అంటే జూన్ 16 మధ్యాహ్నం 12 గంటల నుంచి మరుసటి ఏడాది జూన్ 16 మధ్యాహ్నం 12 గంటల దాకా అన్నట్టు. అలాంటప్పుడు రెండు తేదీలనూ లెక్కలో వేస్తే 366 వస్తుంది, అది తప్పు. రెండు సగం రోజులు కలిసి ఒకే రోజు కాబట్టి చివరి తేదీని ఒక రోజు వెనక్కి జరిపి 365గానే తీసుకోండి. పాలసీ కాలంలో ఫిబ్రవరి 29 వస్తే మాత్రం నిజంగానే 366 రోజులు ఉంటాయి, రోజువారీ మొత్తం ఆ మేరకు కొంచెం తగ్గుతుంది.

రోజుల లెక్కా, నెలల లెక్కా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. నెలల లెక్కలో నెలకు 54,750 ÷ 12 = 4,562.50. పాలసీ నెల మధ్యలో మొదలైంది కాబట్టి మొదటి జూన్‌కు సగం, చివరి జూన్‌కు సగం. మార్చి 31 నాటికి తొమ్మిదిన్నర నెలల ఖర్చు 43,343.75 అవుతుంది. రోజుల లెక్కలో అదే 43,350. తేడా 6.25 మాత్రమే. అంటే రెండు పద్ధతులూ పనికొస్తాయి, ఏదో ఒకటి ఎంచుకుని అన్ని పాలసీలకూ అదే వాడితే చాలు. నేను రోజుల లెక్కనే సూచిస్తాను. పాలసీ ఏ తేదీన మొదలైనా, మధ్యలో ఏ తేదీన మారినా అదే సూత్రం పనిచేస్తుంది, సగం నెలా పావు నెలా అని ఆలోచించే పని ఉండదు.

## 3. షెడ్యూల్ తయారుచేయడం

జర్నల్ ఎంట్రీ కంటే ముందు షెడ్యూల్ ఉండాలి. లెడ్జర్‌లో ఏం రాయాలో అదే చెబుతుంది, రాసింది సరో కాదో చూసుకోవడానికీ అదే ఆధారం.

| నెల | రోజులు | నెల ఖర్చు | నెలాఖరు ప్రీపెయిడ్ |
|---|---|---|---|
| జూన్ 2025 | 15 | 2,250 | 52,500 |
| జూలై | 31 | 4,650 | 47,850 |
| ఆగస్టు | 31 | 4,650 | 43,200 |
| సెప్టెంబరు | 30 | 4,500 | 38,700 |
| అక్టోబరు | 31 | 4,650 | 34,050 |
| నవంబరు | 30 | 4,500 | 29,550 |
| డిసెంబరు | 31 | 4,650 | 24,900 |
| జనవరి 2026 | 31 | 4,650 | 20,250 |
| ఫిబ్రవరి | 28 | 4,200 | 16,050 |
| మార్చి | 31 | 4,650 | 11,400 |
| ఏప్రిల్ | 30 | 4,500 | 6,900 |
| మే | 31 | 4,650 | 2,250 |
| జూన్ | 15 | 2,250 | 0 |

పన్నెండు నెలల పాలసీ పదమూడు వరుసలు తీసుకుందని గమనించండి. నెల మధ్యలో మొదలైన పాలసీకి ఎప్పుడూ ఇంతే. పన్నెండు వరుసలే గీసుకుంటే చివరి సగం నెల ఎక్కడికి పోయిందో అర్థం కాదు.

స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే ఒక్కో పాలసీకి ఒక్కో వరుస ఇవ్వండి. A నిలువు వరుసలో పాలసీ నంబరు, B లో మొదలు తేదీ, C లో ముగింపు తేదీ, D లో ప్రీమియం పెట్టండి. మొదటి అడ్డవరుసలో F1 నుంచి ప్రతి నెల చివరి తేదీని వరసగా రాయండి. తర్వాత F2 లో ఈ సూత్రం వేసి పక్కకూ కిందకూ లాగండి:

```
=ROUND($D2*MAX(0,MIN($C2,F$1)-MAX($B2,EOMONTH(F$1,-1)+1)+1)/($C2-$B2+1),2)
```

ఆ నెలలో పాలసీ ఎన్ని రోజులు అమల్లో ఉందో లెక్కపెట్టి, మొత్తం రోజులతో పోల్చి ప్రీమియంలో వాటా తీస్తుంది. పాలసీ మొదలవని నెలకూ, ముగిసిపోయిన నెలకూ సున్నా ఇస్తుంది.

మన ఉదాహరణలో రోజుకు సరిగ్గా 150 వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. మామూలుగా పైసల దగ్గర సర్దుబాటు అవసరమవుతుంది. చివరి నెలకు సూత్రం ఇచ్చిన అంకె కాకుండా, ప్రీపెయిడ్‌లో మిగిలినదంతా ఖర్చుగా రాయండి. చిల్లర తేడా అక్కడ కలిసిపోయి ఖాతా సున్నాకు వస్తుంది.

## 4. డబ్బు కట్టిన రోజు ఎంట్రీ

జూన్ 9న:

- ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ ఖాతా డెబిట్ 54,750
- బ్యాంకు ఖాతా క్రెడిట్ 54,750

రాబట్టుకోగల పన్ను ఉంటే దానికి మరో డెబిట్ వరుస చేరుతుంది, బ్యాంకు క్రెడిట్ అంతమేర పెరుగుతుంది.

ఈ రోజు ఇన్సూరెన్స్ ఖర్చు ఖాతాను ముట్టుకోవద్దు. పాలసీ ఇంకా మొదలే కాలేదు, ఒక్క రోజు రక్షణ కూడా వాడుకోలేదు. కట్టినదంతా ప్రస్తుతానికి ఆస్తే.

ఎంట్రీ వివరణలో పాలసీ నంబరు, కాలం తప్పకుండా రాయండి. ‘ఇన్సూరెన్స్ కట్టాం’ అని మాత్రమే రాస్తే, రెండేళ్ల తర్వాత ఆ లెడ్జర్ తెరిచినవాళ్లకు అది ఏ పాలసీదో తెలిసే దారి ఉండదు.

ప్రీమియాన్ని నెలనెలా వాయిదాల్లో, ఏ నెలది ఆ నెలే కడుతున్నవాళ్లకు ప్రీపెయిడ్ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఈ పద్ధతి వాళ్లకు అవసరం లేదు.

## 5. నెలాఖరు ఎంట్రీ

జూన్ 30న మొదటిసారి:

- ఇన్సూరెన్స్ ఖర్చు డెబిట్ 2,250
- ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ క్రెడిట్ 2,250

జూలై 31న ఇదే ఎంట్రీ 4,650తో. బ్యాంకు ఖాతా ఇందులోకి రాదు, డబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది. ఆస్తిలోంచి ఆ నెల వాడుకున్న ముక్క ఖర్చులోకి మారుతోంది, అంతే.

ఒకే పాలసీ ఫ్యాక్టరీకీ ఆఫీసుకూ కలిపి ఉంటే, డెబిట్ వైపు రెండు వరుసలుగా విడగొట్టండి. ఫ్యాక్టరీ వాటా ఉత్పత్తి ఖర్చులోకి, ఆఫీసు వాటా పరిపాలన ఖర్చులోకి వెళ్తుంది. ఏ నిష్పత్తిలో అన్నది పాలసీలో ఒక్కో భవనానికి చూపిన బీమా మొత్తాన్ని బట్టి నిర్ణయించుకోవచ్చు. క్రెడిట్ వైపు మాత్రం ఒకే వరుస చాలు.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఎంట్రీని ప్రతి నెలా తనంతట తానే పడేలా పెట్టుకునేవాళ్లు ముగింపు తేదీ కూడా పెట్టాలి. పైగా ఆ సదుపాయం సాధారణంగా ప్రతి నెలా ఒకే మొత్తం వేస్తుంది. కాబట్టి రోజుల లెక్క పాటించేవాళ్లు షెడ్యూల్ చూసి చేత్తో వేయడమే మంచిది.

నెలాఖరున సరిచూసుకోవాల్సినవి:

- [ ] ఈ నెల ఎంట్రీ ఒక్కసారే పడింది
- [ ] లెడ్జర్‌లోని ప్రీపెయిడ్ బ్యాలెన్స్, షెడ్యూల్‌లోని అన్ని పాలసీల మిగులు మొత్తం సమానం
- [ ] గడువు ముగిసిన పాలసీ వరుసలో మిగులు సున్నా
- [ ] కొత్త పాలసీలు, ఉన్న పాలసీలో మధ్యలో చేసిన మార్పులు అంటే ఎండార్స్‌మెంట్లు షెడ్యూల్‌లోకి ఎక్కాయి

రెండో అంశం కుదరకపోతే ఆ నెల మూసేయకండి. ఒక నెల తేడాను వెతకడం తేలిక. ఆరు నెలల తేడాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటే వాటిని విడదీయడం చాలా కష్టం.

## 6. ఖాతాల సంవత్సరం ముగింపు

మార్చి 31 నాటికి 289 రోజులు గడిచాయి. ఈ ఏడాది ఖర్చు 289 × 150 = 43,350, ఇది లాభనష్టాల ఖాతాలోకి పోతుంది. మిగిలినవి 76 రోజులు, 11,400. ఇది బ్యాలెన్స్ షీట్‌లో ప్రస్తుత ఆస్తుల కింద కనిపిస్తుంది.

షెడ్యూల్ పక్కన పెట్టి ఈ 76ను క్యాలెండర్ చూసి మళ్లీ లెక్కపెట్టండి: ఏప్రిల్ 30, మే 31, జూన్ 15. గడిచిన రోజుల వైపు నుంచి వచ్చిన జవాబును మిగిలిన రోజుల వైపు నుంచి కూడా తేల్చినప్పుడే ఆ అంకెను నమ్మవచ్చు.

నెలనెలా ఎంట్రీలు వేయకుండా, కట్టినదంతా ఖర్చులో రాసేసి ఏడాది చివర మిగులును మాత్రం ప్రీపెయిడ్‌కు మార్చేవాళ్లూ ఉన్నారు. వార్షిక లెక్కలకు ఫలితం ఒకటే. అయితే నెలవారీ లాభం చూసి నిర్ణయాలు తీసుకునే వ్యాపారానికి అది పనికిరాదు. జూన్ నెల లాభం కారణం లేకుండా పడిపోయినట్టు, మిగతా నెలలకు ఇన్సూరెన్సే లేనట్టు కనిపిస్తుంది.

కొత్త ఏడాదిలో 11,400 ప్రారంభ బ్యాలెన్స్‌గా వస్తుంది. ఏప్రిల్ 30న 4,500, మే 31న 4,650, జూన్‌లో 2,250 అదే షెడ్యూల్ ప్రకారం ఖర్చులోకి పోతాయి. ఏప్రిల్ 1న ప్రత్యేకంగా ఏ ఎంట్రీ అక్కర్లేదు.

రెండు, మూడేళ్ల పాలసీకి ఒకేసారి కట్టినవాళ్లు ఇక్కడ ఒక పని అదనంగా చేయాలి. బ్యాలెన్స్ షీట్ తేదీ నుంచి పన్నెండు నెలలు దాటి మిగిలే భాగాన్ని దీర్ఘకాలిక ఆస్తుల కింద విడిగా చూపాలి.

## 7. మధ్యలో పాలసీ మారితే

డిసెంబరు 1 నుంచి కొత్త యంత్రానికి కూడా రక్షణ చేర్పించారనుకోండి. ఎండార్స్‌మెంట్‌కు అదనపు ప్రీమియం 5,910.

పాత వరుసలోని 54,750ను 60,660గా దిద్దేస్తే జూన్ నుంచి నవంబరు దాకా మూసేసిన నెలల అంకెలు కూడా మారిపోతాయి. అందుకే ఎండార్స్‌మెంట్‌ను అదే పాలసీ నంబరుతో కొత్త వరుసగా రాయండి: మొదలు డిసెంబరు 1, ముగింపు జూన్ 15, మొత్తం 197 రోజులు, రోజుకు 30. డిసెంబరుకు అదనంగా 930 ఖర్చు పడుతుంది. మార్చి 31న ఈ వరుస మిగులు 76 × 30 = 2,280. పాత వరుస 11,400తో కలిపి ప్రీపెయిడ్ 13,680.

ఇక రద్దు సంగతి. ఎండార్స్‌మెంట్ లేదనుకుని, మూల పాలసీని ఫిబ్రవరి 28 ముగిసేసరికి రద్దు చేశారని చూద్దాం. ఆ రోజు ప్రీపెయిడ్‌లో 107 రోజుల విలువ 16,050 ఉంది. బీమా సంస్థ తిరిగి ఇచ్చేది కూడా అంతే ఉండాలని లేదు. పాలసీదారే రద్దు కోరితే, మిగిలిన రోజుల వాటా కంటే తక్కువ ఇచ్చే షరతులు ఉండవచ్చు. రిఫండ్ 12,000 అని ఖరారైతే:

- రావాల్సిన రిఫండ్ డెబిట్ 12,000
- ఇన్సూరెన్స్ ఖర్చు డెబిట్ 4,050
- ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ క్రెడిట్ 16,050

తేడా 4,050 రద్దు చేసిన కాలంలోనే ఖర్చు కావాలి. ఇకమీదట దానివల్ల ఏ రక్షణా రాదు కాబట్టి జూన్ దాకా పంచుతూ పోవడానికి ఆధారం లేదు. రిఫండ్ డబ్బు చేతికొచ్చేదాకా ప్రీపెయిడ్‌ను అలాగే ఉంచడమూ తప్పే. రద్దైన పాలసీకి మిగిలిన రోజులుండవు.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణ

కట్టినదంతా ఖర్చులో రాసేశారు. అక్టోబరు చివర గమనించారనుకుందాం. అప్పటికి 138 రోజులు గడిచాయి, న్యాయంగా ఖర్చు 20,700. మిగిలిన 227 రోజుల విలువ 34,050. ఒకే ఎంట్రీతో సరిదిద్దవచ్చు: ప్రీపెయిడ్ డెబిట్ 34,050, ఇన్సూరెన్స్ ఖర్చు క్రెడిట్ 34,050. నవంబరు నుంచి షెడ్యూల్ ప్రకారం నడపండి. అక్టోబరు నెల ఖర్చు మాత్రం వింతగా మైనస్‌లో కనిపిస్తుంది, నెలవారీ నివేదిక చదివేవాళ్లకు కారణం ముందే చెప్పండి.

జూన్ మొత్తాన్ని పూర్తి నెలగా తీసుకున్నారు. అప్పుడు మార్చి దాకా పది నెలల ఖర్చు 45,625 పడుతుంది. ఉండాల్సింది 43,350. ఏడాది లాభం 2,275 తక్కువగా, ప్రీపెయిడ్ కూడా అంతే తక్కువగా కనిపిస్తాయి. గుర్తించే మార్గం సులువు: పాలసీ ఇంకా అమల్లో ఉండగానే మే నెలాఖరుకు బ్యాలెన్స్ సున్నా అయిపోతుంది. పుస్తకాలు మూయకముందే చూస్తే ప్రీపెయిడ్ డెబిట్ 2,275, ఖర్చు క్రెడిట్ 2,275 రాయండి.

ప్రీపెయిడ్ ఖాతాలో క్రెడిట్ బ్యాలెన్స్ వచ్చింది. కట్టినదానికంటే ఎక్కువ ఖర్చు రాశారన్నమాట. మొదట చూడాల్సింది ఆగకుండా పడుతున్న ఆటోమేటిక్ ఎంట్రీ. తర్వాత, పాలసీ పునరుద్ధరణ ప్రీమియం పొరపాటున నేరుగా ఖర్చులోకి వెళ్లిందేమో చూడండి.

గడువు ముగిసినా బ్యాలెన్స్ కదలకుండా ఉంది. ఎక్కువగా ఖాతాల సంవత్సరం మారినప్పుడు జరుగుతుంది. పాత ఏడాది మిగులు కొత్త పుస్తకాల్లోకి వచ్చింది కానీ ఏప్రిల్ నుంచి ఎవరూ ఎంట్రీ వేయలేదు. ఆ ఏడాదిలోనే దొరికితే మొత్తం ఖర్చులోకి తీసేయండి. ఏళ్లు గడిచి, మొత్తం పెద్దదైతే అది గత సంవత్సరాల లెక్కల్లో తప్పు. దాన్ని ఈ ఏడాది ఖర్చుగా చూపే ముందు ఆడిటర్‌తో మాట్లాడండి.

క్లెయిమ్ డబ్బును ప్రీపెయిడ్‌లో జమ చేశారు. ఆ డబ్బు నష్టానికి పరిహారం, ప్రీమియం వాపసు కాదు. క్లెయిమ్‌కు వేరే ఖాతా ఉండాలి. ఏదో ఒక నెలలో ప్రీపెయిడ్ బ్యాలెన్స్ షెడ్యూల్ కంటే ఒక్కసారిగా తగ్గితే, ఆ నెల బ్యాంకు జమలు చూడండి.

పాత పాలసీ, కొత్త పాలసీ కలిసిపోయాయి. పునరుద్ధరణ ప్రీమియం సాధారణంగా పాతది ముగియకముందే కడతారు. అంటే 2026 జూన్ మొదట్లో ప్రీపెయిడ్ ఖాతాలో పాత పాలసీ చివరి 2,250, కొత్త పాలసీ పూర్తి ప్రీమియం రెండూ ఉంటాయి. ఆ మొత్తాన్ని కలిపి పన్నెండుతో భాగించేవాళ్లున్నారు. అలా చేస్తే పాత పాలసీ ఖర్చు కొంత మరుసటి ఏడాదిలోకి జారిపోతుంది. షెడ్యూల్‌లో కొత్త పాలసీకి కొత్త వరుస తెరవండి. 2026 జూన్ ఖర్చు రెండు ముక్కలుగా వస్తుంది: 1 నుంచి 15 దాకా పాత రేటుతో పదిహేను రోజులు, 16 నుంచి 30 దాకా కొత్త ప్రీమియం రోజు రేటుతో మరో పదిహేను రోజులు.